ఒంటి గంట భోజనం కోసం ఒక ఉత్తరం

సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్. మధ్యాహ్నం రెండు నలభై. మూడు వందల ఎనభై రూపాయల బిల్లుకు కస్టమరు ఐదు వందల నోటు ఇచ్చాడు. నూట ఇరవై తిరిగి ఇవ్వాలి. కౌంటర్‌లో ఉన్నావిడ డ్రాయర్‌లో చెయ్యి పెట్టి రెండు వందల నోటు తీసింది, మళ్లీ పెట్టేసింది, వంద తీసింది, ఇరవై కోసం వెతుకుతూ ఆగిపోయింది. ఏసీ హాల్లో కూడా ఆమె మెడ వెనక చెమట. "ఏమ్మా, ఇంతసేపా?" అన్నాడు కస్టమరు. ఆమె విసురుగా ఏదో అనేసింది. ఫ్లోర్ సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. ఆ రోజు ఆమె పేరు పక్కన పడిన మాటలు: నిర్లక్ష్యం, కస్టమర్‌తో దురుసు ప్రవర్తన.

ఇది విషయం అర్థం కావడానికి కట్టిన ఉదాహరణే. కానీ ఇలాంటి పూట ఇన్సులిన్ తీసుకునే ఉద్యోగికి ఎక్కడైనా, ఎప్పుడైనా రావచ్చు. ఆ క్షణంలో ఆమె వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసుంటే మీటరు యాభై ఎనిమిదో, ఇంకా తక్కువో చూపించేది. చిల్లర లెక్క తప్పడం, చెమట, విసుగు, ఈ మూడూ ఒకే కారణం నుంచి వచ్చాయి. మెదడుకు ప్రధానమైన ఆహారం గ్లూకోజ్. రక్తంలో అది డెబ్బైకి తగ్గితే శరీరం హెచ్చరికగా చేతులు వణికిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది, చెమటలు పట్టిస్తుంది, ఆకలి వేయిస్తుంది. యాభై నాలుగు కంటే దిగిందంటే మెదడు పనే దెబ్బతింటుంది. లెక్కలు నిదానిస్తాయి, చూపు మసకబారుతుంది, మనిషి చిరాకు పడతాడు, తనకేమీ కాలేదని వాదిస్తాడు కూడా. ఇంకా దిగితే స్పృహ తప్పుతుంది, ఫిట్స్ రావచ్చు.

మన దగ్గర షుగర్ అంటే ఎక్కువ కావడమనే అందరి మనసులోనూ ఉంటుంది. పుట్టినరోజు కేకు వద్దంటే అర్థం చేసుకునే మేనేజరు, పదకొండు గంటలకు అరటిపండు తింటానంటే మాత్రం వింతగా చూస్తాడు. "షుగర్ ఉన్న మనిషివి, మాటిమాటికీ తినడమేంటమ్మా?" అంటాడు. ఉద్యోగ స్థలంలో నిమిషాల్లో ముంచే ప్రమాదం సాధారణంగా పెరిగిన షుగర్ వల్ల రాదు, పడిపోయిన షుగర్ వల్ల వస్తుంది. పెరిగిన షుగర్ దాహం వేయిస్తుంది, మాటిమాటికీ బాత్రూముకు పంపుతుంది, నీరసం తెస్తుంది. పడిపోయిన షుగర్ మాత్రం కౌంటర్ దగ్గరే కూలదోస్తుంది. మేనేజరుకు రాసే ఉత్తరం ముందు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కే.

మన ఉదాహరణలో ఆమెకు షుగర్ ఎందుకు పడిపోయిందో చూద్దాం. ఉత్తరంలో రాయాల్సిన టైములన్నీ అందులోంచే వస్తాయి. ఆమె రోజూ పొద్దున ఎనిమిదింటికి 30/70 మిశ్రమ ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. ఇది ఖరీదు తక్కువ, సర్కారు ఆసుపత్రుల్లోనూ ఇస్తారు, అందుకే మన దగ్గర చాలామంది దీని మీదే ఉన్నారు. ఆ సీసాలో రెండు రకాలు కలిసి ఉంటాయి. ముప్ఫై శాతం తొందరగా పనిచేసే రకం, డెబ్బై శాతం నిదానంగా మొదలై ఎక్కువసేపు నడిచేది. తొందర రకం పొద్దుటి టిఫిను కోసం. అది రెండు మూడు గంటల్లో పతాక స్థాయికి చేరుతుంది. అంటే పది, పదకొండు మధ్య. నిదానం రకం సుమారు నాలుగో గంటకు బలం పుంజుకుని ఆపైన మరికొన్ని గంటలు గట్టిగా పనిచేస్తుంది. అంటే పన్నెండు దాటాక.

మధ్యాహ్న భోజనాన్ని అరిగించుకోవడానికి కావలసిన ఇన్సులిన్ పొద్దున ఎనిమిదింటికే ఒంట్లోకి వెళ్లిపోయిందన్న మాట. ఒంటి గంటకు అన్నం పడితే దాని పని అది చేసుకుంటుంది. అన్నం పడకపోయినా పని ఆపదు, రక్తంలో ఉన్న చక్కెరనే లాగేస్తుంది. దుకాణంలో భోజనాలు మూడు బ్యాచ్‌లు: ఒంటి గంట, రెండు, మూడు. ఆమెది మూడో బ్యాచ్. పండగ సీజనులో అది మూడున్నర అవుతుంది. ఎనిమిదిన్నరకు తిన్న రెండు ఇడ్లీల మీద ఆరు గంటలు నిలబడింది, సూది మందు మాత్రం పూర్తి బలంతో పనిచేస్తోంది. రెండు నలభైకి జరిగింది జరగక మానదు.

మాత్రలు వాడేవాళ్లందరికీ ఈ భయం లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి షుగర్ ఇలా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరించేవి, కాబట్టి వాటితో భోజనం ఆలస్యమైతే ప్రమాదం ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర మన ఊళ్లలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. తన మాత్రలో ఏముందో తెలియక "నాది మామూలు షుగరే" అనుకునే ఉద్యోగి ముందు స్ట్రిప్ వెనక రాసున్న పేరు చదువుకోవాలి, ఉత్తరం సంగతి ఆ తరువాత.

ఇంకో మాట కూడా ఉత్తరానికి ముందే. డాక్టరుని అడగాలి: "సార్, నా భోజనం టైము నా చేతిలో లేదు. మందు మార్చే వీలుందా?" చాలామంది ఈ సంగతి డాక్టరుకు చెప్పనే చెప్పరు. రోజుకొకసారి వేసే, పతాకం దాదాపు లేని ఇన్సులిన్‌తో పాటు తినే ముందు మాత్రమే వేసుకునే తొందర రకం వాడితే భోజనం గంట అటూ ఇటూ అయినా తట్టుకోవచ్చు. అది ఖర్చెక్కువ, సూదులు కూడా ఎక్కువ, అందరికీ కుదరదు. కుదరనప్పుడు మార్చాల్సింది డ్యూటీ చార్టునే.

చట్టం ఏమంటుందని అడుగుతారు. మన దేశంలో ఈ విషయంలో చట్టం పెద్దగా ఆదుకోదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సహేతుకమైన వెసులుబాటు అనే భావనను తెచ్చింది, కానీ అది గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో మధుమేహం లేదు. ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన లెక్క. అది అందరికీ కలిపి వేసిన లెక్క, సూది వేసుకున్న మనిషి గడియారం దానికి పట్టదు. పనికొచ్చే పోలిక ఒకటి చదువుల రంగంలో ఉంది. 2017లో సీబీఎస్‌ఈ, టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు డాక్టరు పత్రం చూపిస్తే బోర్డు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పండు, చిరుతిండి, చిన్న నీళ్ల సీసా తెచ్చుకోవచ్చని అనుమతించింది. చీటీ ముక్కను కూడా రానివ్వని పరీక్ష హాల్లోకే అరటిపండును రానిచ్చినప్పుడు, బిల్లింగ్ కౌంటర్ కింద ఒక గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టుకోవడానికి ఏం అడ్డం?

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ 1990 నాటి వికలాంగుల చట్టాన్ని 2008లో సవరించాక మధుమేహం దాని పరిధిలోకి తేలిగ్గా వస్తుంది. పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ షుగర్ చూసుకోవడానికి, తినడానికి, సూది వేసుకోవడానికి విరామం అడిగితే, దానివల్ల తనకు మోయలేని భారం పడుతుందని చూపించలేనంత వరకు ఇవ్వాల్సిందే. ఫలానా సెక్షన్ అని రాయక్కర్లేదు, మామూలు మాటల్లో అడిగినా చాలు. అక్కడ ఉత్తరం హక్కును కదిలించే కాగితం. ఇక్కడ అది ఒప్పించే కాగితం. అందుకే ఇక్కడి ఉత్తరాన్ని ఇంకాస్త తెలివిగా రాయాలి.

మామూలుగా మనం రాసే ఉత్తరం ఎలా ఉంటుంది? "నేను గత ఐదు సంవత్సరాలుగా మధుమేహ వ్యాధితో బాధపడుతున్నాను. దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకుని సహకరించగలరని ప్రార్థన." మేనేజరు చదువుతాడు, మనసు కరుగుతుంది, "అలాగే తల్లీ, ఏం ఇబ్బంది ఉన్నా చెప్పు" అంటాడు. మర్నాడు ఆమె మళ్లీ మూడో బ్యాచ్‌లోనే ఉంటుంది. ఎందుకంటే ఉత్తరంలో టైము లేదు, బ్యాచ్ మార్చమన్న మాట లేదు. పైగా డ్యూటీ చార్టు రాసేది ఫ్లోర్ సూపర్‌వైజర్, అతనికి ఈ ఉత్తరం సంగతే తెలియదు. సహకరించండి అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఒంటి గంట బ్యాచ్‌లో వేయండి అంటే చార్టు మీద ఒక పేరు కొట్టేసి ఇంకొకటి రాయడమే.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే తప్పు ఇంకోటి. మూడు నెలల సగటు షుగర్ రిపోర్టు, కిడ్నీ పరీక్షలు, కంటి డాక్టరు చీటీ అన్నీ జత చేస్తారు. చదివిన మేనేజరుకు కలిగేది జాలి కాదు, అనుమానం. ఈమె ఈ పని చేయగలదా, రేపు ఏదన్నా అయితే నా మీదకు వస్తుందా అని. అడిగింది ఇరవై నిమిషాలు, చూపించింది మొత్తం జబ్బు. డాక్టరు రాసే చీటీ కూడా చాలాసార్లు ఇలాగే తిరగబడుతుంది. "నీరసంగా ఉన్నారు, విశ్రాంతి అవసరం" అని ఉంటే ఆఫీసు దాన్ని పనికి పనికిరారు అని చదువుకుంటుంది. డాక్టరుని అడిగి రాయించుకోవాల్సింది రెండు వాక్యాలు: ఈమె తన ఉద్యోగం చేయడానికి ఆరోగ్యంగానే ఉన్నారు. వాడుతున్న మందు వల్ల వేళకు తినడం, అవసరమైనప్పుడు షుగర్ పరీక్షించుకోవడం తప్పనిసరి.

ఇప్పుడు మన క్యాషియరు రాయదగ్గ ఉత్తరం చూద్దాం.

"స్టోర్ మేనేజర్ గారికి,

నమస్కారం సర్. నేను బిల్లింగ్ విభాగంలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఏడు వరకు డ్యూటీలో ఉంటాను. నాకు షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటాను. నా పని చేయడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. డాక్టరు గారు ఆ మాటే రాసిచ్చిన చీటీ జత చేస్తున్నాను.

నేను పొద్దున ఎనిమిది గంటలకు వేసుకునే ఇన్సులిన్ మధ్యాహ్నం ఎక్కువ బలంగా పనిచేస్తుంది. ఆ వేళకు భోజనం చేయకపోతే షుగర్ బాగా పడిపోతుంది. అలా అయినప్పుడు చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, లెక్క తప్పుతుంది. గత నెలలో చిల్లర విషయంలో జరిగిన గొడవ మూడో బ్యాచ్ భోజనం రోజునే జరిగింది.

అందువల్ల మూడు విషయాలు కోరుతున్నాను. ఒకటి, నన్ను రోజూ ఒంటి గంట భోజనం బ్యాచ్‌లోనే వేయండి. రద్దీ రోజుల్లో కూడా ఒంటింబావు దాటకుండా చూడండి. రెండు, పదకొండు గంటలకు, సాయంత్రం ఐదు గంటలకు పదేసి నిమిషాలు షుగర్ చూసుకుని కొంచెం తినడానికి అనుమతించండి. మూడు, కౌంటర్ కింద చిన్న డబ్బాలో గ్లూకోజ్ పొడి, నీళ్ల సీసా ఉంచుకోనివ్వండి. ఎప్పుడైనా షుగర్ పడిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే కౌంటర్ ఆపి అది తాగి, పావుగంట పక్కన కూర్చోవడానికి ముందుగా అనుమతి ఇవ్వండి.

పదకొండు గంటలకు మన దగ్గర రద్దీ తక్కువ. ఆ పది నిమిషాలు నా కౌంటర్ లాక్ చేసి, డ్రాయర్ తాళం సూపర్‌వైజర్ గారికి ఇచ్చి వెళతాను. ఐదు గంటలకు పక్క కౌంటర్ వారు నా లైను చూసుకోవడానికి ఒప్పుకున్నారు, వారి టీ విరామంలో నేను వారి లైను చూస్తాను. మొత్తం మీద రోజుకు అదనంగా పట్టేది ఇరవై నిమిషాలు. కావాలంటే సాయంత్రం ఆ మేరకు ఆగి క్యాష్ క్లోజింగ్‌లో సాయం చేస్తాను.

ఒక నెల ఇలా చేసి చూసి, ఏమైనా మార్పులు కావాలంటే కూర్చుని మాట్లాడుకుందాం సర్. నా ఆరోగ్యం సంగతి మీ వద్ద, సూపర్‌వైజర్ గారి వద్ద మాత్రమే ఉండాలని మనవి. డ్యూటీ చార్టు వారే వేస్తారు కాబట్టి వారికి ఒక కాపీ ఇస్తున్నాను.

ఇట్లు, మీ ఉద్యోగి."

కింద పేరు, ఉద్యోగి నంబరు, తేదీ. తేదీ మరిచిపోకూడదు. రేపు ఎవరైనా చిల్లర తప్పుల పేరు చెప్పి పనిలోంచి తీసేస్తే, కారణం ముందే తెలియజేశాననడానికి మిగిలేది ఆ తేదీ, కాపీ మీద అందినట్టు పెట్టించుకున్న సంతకం. సంతకం అడగడానికి మొహమాటమైతే ఉత్తరం ఫొటో తీసి మేనేజరుకు వాట్సాప్‌లో "సర్, ఇందాక ఇచ్చిన ఉత్తరం కాపీ" అని పంపితే చాలు. ఏజెన్సీ ద్వారా చేరినవాళ్లు ఇంకో కాపీ ఏజెన్సీకి కూడా ఇవ్వాలి. జీతం ఇచ్చేది ఒకరు, భోజనానికి వదిలేది ఇంకొకరు అయినప్పుడు ఒకరిమీద ఒకరు నెట్టుకునే అవకాశం పుష్కలంగా ఉంటుంది.

ఉత్తరంలో పది నిమిషాలు అని రాశాం. అది ఎక్కడి లెక్క? కౌంటర్ లాక్ చేసి లోపలికి నడవడానికి ఒక నిమిషం. సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకోవడానికి ఇంకో నిమిషం. ఇది తప్పించడానికి వీల్లేదు. పొద్దుటి నుంచి బెల్లం ప్యాకెట్లు, మామిడిపళ్లు, పగిలిన చాక్లెట్ కవర్లు స్కాన్ చేసిన వేళ్లవి. వేలి మీద అంటుకున్న తీపి చుక్క రక్తంలో కలిస్తే మీటరు నూట అరవై చూపిస్తుంది, నిజానికి ఒంట్లో అరవై ఉండొచ్చు. ఆ నూట అరవై చూసి తినకుండా కౌంటర్‌కు తిరిగి వెళ్లడమే అసలు ప్రమాదం. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ, తరువాత నోట్లు లెక్కపెట్టేటప్పుడు మంట ఉండదు. మీటరు కొన్ని సెకన్లలో అంకె చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలి, గాలిలో తేమ తగిలితే అవి పాడవుతాయి. వాడిన సూది గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇంటికి తీసుకెళ్లాలి. దుకాణం చెత్తబుట్టలో వేస్తే ఊడ్చేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది, మర్నాటి నుంచి "ఇక్కడ పరీక్షలు వద్దు" అనే మాట వస్తుంది, అందులో వారి తప్పేమీ ఉండదు. మిగిలిన ఐదారు నిమిషాల్లో ఒక జామపండు, గుప్పెడు వేయించిన శనగలు, గ్లాసు మజ్జిగ.

మీటరు అంకెను పూర్తిగా నమ్మనక్కర్లేదు కూడా. వంద లోపు అంకెల్లో పదిహేను అటూ ఇటూ తేడా రావడానికి మీటర్ల ప్రమాణాలే అనుమతిస్తాయి. డెబ్బై అయిదు చూపిస్తూ ఒళ్లు వణుకుతుంటే ఒంటిని నమ్మి తినడమే మేలు.

ఉత్తరంలోని మూడో కోరిక మీదే మేనేజర్లు ఎక్కువ జంకుతారు. "కౌంటర్ దగ్గర తినడం మా రూల్స్‌లో లేదమ్మా." వాళ్లకు వివరించాల్సింది, ఇది తినడం కాదని, మందు వేసుకోవడం లాంటిదని. షుగర్ పడిపోయినప్పుడు పదిహేను గ్రాముల చక్కెర తీసుకోవాలి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకున్నా సరే, సగం గ్లాసు పళ్లరసం తాగినా సరే. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా డెబ్బై లోపే ఉంటే ఇంకోసారి అంతే తీసుకోవాలి. భోజనానికి ఇంకా గంటకు పైగా ఉంటే తరువాత ఏదైనా చిరుతిండి. చాక్లెట్, క్రీం బిస్కెట్లు ఈ పనికి పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి తొందరగా చేరనివ్వదు. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్రలు వాడేవాళ్లు పంచదార తిన్నా లాభం తక్కువ, ఆ మాత్రలు పంచదార విడిపోకుండా ఆపుతాయి. వాళ్లకు గ్లూకోజ్ పొడే కావాలి. ఈ సంగతి తెలియని పక్క కౌంటర్ స్నేహితురాలు ఎంత ప్రేమగా లడ్డూ పెట్టినా పది నిమిషాలు వృథా. అందుకే డబ్బా ఎక్కడుందో, అందులో ఏముందో పక్కనున్న ఒక్కరికైనా చెప్పి ఉంచాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లూ చక్కెరా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, 108కి ఫోన్ చేయాలి అన్నది కూడా ఆ ఒక్కరికి తెలిసుండాలి.

పావుగంట పక్కన కూర్చోవాలన్న మాట కూడా ఊరికే రాసింది కాదు. అంకె డెబ్బై దాటగానే మనిషి లేచి నిలబడగలుగుతాడు, కానీ తల పూర్తిగా తేరుకోవడానికి ఇంకొంతసేపు పడుతుంది. బ్రిటన్‌లో షుగర్ పడిపోయిన డ్రైవరు, అంకె మామూలుకు వచ్చాక కూడా నలభై ఐదు నిమిషాలు ఆగాకే బండి నడపాలని అక్కడి నిబంధన. పావుగంట దాటగానే వచ్చి కూర్చున్నా మొదటి కొన్ని బిల్లులు నిదానంగా చేసుకోవాలి. ఐదు గంటల విరామం పెట్టుకున్నది కూడా కొంత ఇందుకే. ఏడింటికి ఆమె స్కూటీ మీద ఇంటికి వెళ్లాలి కదా.

ఇక మేనేజరు వైపు నుంచి కూడా చూద్దాం. అతను కసాయివాడేమీ కాదు. ఎక్కువమందికి భయం ఒక్కటే: "ఈమెకు ఇస్తే రేపు అందరూ అడుగుతారు." ఉత్తరంలో ఆమె ఒక బ్యాచ్ మార్పు, ఇరవై నిమిషాలు అడిగింది, డాక్టరు చీటీ పెట్టింది, ప్రత్యామ్నాయం తనే చూపించింది. రేపు ఇంకొకరు ఇంత స్పష్టంగా, ఇంత కారణంతో అడిగితే వారికీ ఇవ్వాల్సిందే. రెండో భయం డ్రాయర్. క్యాష్ తక్కువ వస్తే ఎవరి లెక్క? తాళం ఎవరికి ఇస్తానో రాయకపోతే ఈ ప్రశ్న దగ్గరే ఉత్తరం ఆగిపోతుంది. నిజానికి ఆమె లెక్క తప్పిన రోజున పోయిన డబ్బు, పోయిన కస్టమరు, సూపర్‌వైజర్ పంచాయతీ చేసిన అరగంట, ఇవన్నీ కలిపితే ఇరవై నిమిషాలకంటే ఎక్కువే అవుతాయి.

ఒప్పుకున్న మేనేజరు దగ్గర కూడా కొన్ని వారాల్లో బెడిసికొట్టే చోట్లు ఉన్నాయి. మొదటిది, ఉద్యోగే మానేయడం. లైనులో పది మంది ఉంటే "ఈ నలుగురినీ పంపించి వెళతా" అనిపిస్తుంది. ఆ నలుగురి వెనక ఇంకో నలుగురు వస్తారు. శనివారం ఒక్కపొద్దు ఉంటూ పొద్దున సూది మాత్రం మామూలుగా వేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ రోజు ఒంటి గంట బ్యాచ్ ఏమీ చేయలేదు. ఒక్కపొద్దు ఉండదలిస్తే మోతాదు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

రెండోది కనిపించనిది. షుగర్ తరచూ పడిపోయే మనిషికి కొంతకాలానికి హెచ్చరికలు రావడం తగ్గిపోతుంది. చెమటా వణుకూ లేకుండానే నేరుగా గందరగోళంలోకి వెళ్లిపోతాడు. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా దడ, వణుకు తెలియనివ్వవు, చెమట ఒక్కటే మిగులుతుంది. అలాంటివాళ్లు "అనిపిస్తే చూసుకుంటా" అనుకోవడానికి లేదు, టైముకు చూసుకోవాల్సిందే. చేతికి అంటించుకునే సెన్సర్ వాడేవాళ్లయితే అంకె ఫోన్‌కే వస్తుంది, పడిపోతుంటే మోగుతుంది. అయితే చాలా దుకాణాల్లో కౌంటర్ మీదకు ఫోన్ రానివ్వరు. అప్పుడు ఉత్తరంలో నాలుగో కోరిక చేరుతుంది: అలారం వినిపించేలా ఫోన్ దగ్గర పెట్టుకోనివ్వండి అని.

మూడోది మేనేజరు బదిలీ. కొత్తగా వచ్చినవారికి ఏమీ తెలియదు, చార్టు మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే పాత ఉత్తరం కాపీ ఇంట్లో ఉండాలి. దాన్నే కొత్త తేదీతో, "గత మేనేజరు గారి కాలం నుంచి ఈ ఏర్పాటు అమలులో ఉంది" అనే ఒక్క వాక్యం కలిపి, కొత్తవారు చేరిన మొదటి వారంలోనే ఇవ్వాలి.

నెల తిరిగాక మాట్లాడుకుందాం అని రాసింది కాబట్టి ఆ రోజుకు చేతిలో ఏదైనా ఉండాలి. చిన్న పాకెట్ పుస్తకంలో తేదీ, టైము, అంకె, ఆ రోజు భోజనం ఎన్నింటికి అయిందో రాసుకుంటే సరిపోతుంది. రోజూ రెండు స్ట్రిప్పులంటే ఖర్చే, అందుకే డాక్టరు చెప్పిన రోజులు, రద్దీ రోజులు, ఒంట్లో తేడాగా అనిపించిన రోజులు చాలు. ఆ పుస్తకం ముందు మేనేజరుకు కాదు, డాక్టరుకు చూపించాలి. ఒంటి గంటకు తింటున్నా పన్నెండున్నరకే అరవైలు కనిపిస్తుంటే తప్పు దుకాణానిది కాదు, సూది మోతాదుది. పదకొండు గంటల చిరుతిండి తరువాత అంకెలు రెండు వందలు దాటుతుంటే ఆ తిండిని మార్చాలి, లేదా మానేయాలి. డాక్టరు మోతాదు తగ్గించినా, మందు రకమే మార్చినా, ఉత్తరంలో రాసిన టైములు మారతాయి. పదకొండు గంటల విరామం ఇక అక్కర్లేకపోవచ్చు. అప్పుడు ఆమె మేనేజరు దగ్గరకు వెళ్లి, "సర్, డాక్టరు గారు మందు మార్చారు, పొద్దుటి పది నిమిషాలు ఇక వద్దు, ఐదు గంటలది, ఒంటి గంట భోజనం అలాగే ఉంచండి" అని రెండు లైన్లు రాసిస్తుంది. సూపర్‌వైజర్ చార్టు మీద పదకొండు దగ్గర ఆమె పేరు కొట్టేస్తాడు.